అన్నయ్య సంతకం పెట్టనంటే ఇల్లు అమ్ముడుపోదా?

ప్రశ్న: నాన్నగారు రైల్వేలో పనిచేస్తూ మర్రిపాలెంలో తన సొంత సంపాదనతో కొన్న 240 గజాల స్థలంలో కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను ఉన్న ఇల్లు మాది. మేం నలుగురం. అన్నయ్య, నేను, చెల్లి, తమ్ముడు. తమ్ముడు 2010లో చనిపోయాడు. అతని భార్య, పదహారేళ్ల కొడుకు ఉన్నారు. నాన్నగారు 2012లో, అమ్మ నాలుగేళ్ల క్రితం పోయారు. వీలునామా లేదు. అన్నయ్య కింద ఉంటూ పై పోర్షను అద్దె తనే తీసుకుంటున్నాడు. ఇంటి పన్ను కూడా తన పేరుకు మార్చుకున్నాడు. ఒక బిల్డరు కోటీ ఎనభై లక్షలు ఇస్తానన్నాడు. అందరం సరేనన్నా అన్నయ్య మాత్రం "అమ్మను, పంచను, మీ పెళ్ళిళ్ళకే మీ వాటా అయిపోయింది, ఉండే ఇల్లు పంచమని ఆడపిల్లలు అడగకూడదు" అంటున్నాడు. మా వాటాలు మాత్రమే కొంటానని ఒక బ్రోకరు తిరుగుతున్నాడు. కోర్టుకు వెళితే ఇల్లు అమ్మిస్తారా? ఆలోచిస్తుంటేనే టెన్షన్‌గా ఉంది.
- ఒక సోదరి, గాజువాక

సమాధానం:

అమ్మా, ముందుగా మీ అన్నయ్య అన్న చివరి మాట గురించి చెబుతాను, ఎందుకంటే అది గాల్లోంచి పుట్టిన మాట కాదు. ఒకప్పుడు అది చట్టమే. హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షను అని ఒకటి ఉండేది. కుటుంబం ఉంటున్న ఇంట్లో ఆడపిల్లకు వాటా ఉన్నా, మగవారసులు పంచుకుందామని అనుకునేదాకా ఆమె పంపకం అడగడానికి వీల్లేదని అది చెప్పేది. 2005 సెప్టెంబరులో వచ్చిన సవరణతో దాన్ని పూర్తిగా తీసేశారు. మీ నాన్నగారు పోయింది 2012లో. కాబట్టి ఆ అడ్డంకి మీకు ఏనాడూ లేదు. పెద్దవాళ్ళ నోళ్ళలో మాత్రం ఆ పాత మాట ఇంకా బతికే ఉంది.

పెళ్ళి ఖర్చుల మాటకూ అంతే. నాన్నగారి స్వార్జితం, వీలునామా లేదు. అలాంటప్పుడు భార్య, కొడుకులు, కూతుళ్ళు సమానంగా వారసులు. స్వార్జితం విషయంలో 1956 నుంచీ ఇదే పద్ధతి. కట్నం ఇచ్చారనో, పెళ్ళి ఘనంగా చేశారనో వారసత్వపు వాటా కరిగిపోదు. మీరు మీ వాటా వదులుకుంటున్నట్టు రిజిస్టరు దస్తావేజు ఏదైనా రాసిచ్చి ఉంటే తప్ప. అలాంటి కాగితం మీద ఎప్పుడైనా సంతకం పెట్టారేమో నిజాయితీగా గుర్తు చేసుకోండి. లేదా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నాన్నగారు కొన్న ఏడాది నుంచి ఇప్పటిదాకా ఈసీ తీయించండి. ఇది మొదటి పని. మీకు తెలియని గిఫ్టు దస్తావేజు గానీ, రిలీజు దస్తావేజు గానీ ఉంటే అందులో బయటపడుతుంది. ఇంటి పన్ను పేరు మారడం గురించి భయం వద్దు. జీవీఎంసీ రికార్డులో పేరు ఎవరిదైతే వాళ్ళు పన్ను కట్టాలని తప్ప, ఇల్లు వాళ్ళదని కాదు. అన్నయ్య రేపు ఉన్నట్టుండి వీలునామా ఉందని ఒక కాగితం తీసినా, దాన్ని రుజువు చేయాల్సింది ఆయనే. సాక్షి సంతకం చేసినవాళ్ళలో బతికి ఉన్న ఒకరినైనా కోర్టుకు తెచ్చి చెప్పించాలి.

ఇక వాటాలు. నాన్నగారు పోయినరోజు ఇల్లు అయిదు భాగాలయింది. అమ్మకు ఒకటి, మీ ముగ్గురికీ ఒక్కొక్కటి, అప్పటికే లేని తమ్ముడి తరఫున ఒకటి. అమ్మ పోయాక ఆమె భాగం మళ్ళీ నాలుగు శాఖలకు చేరింది. రూపాయి లెక్కన చెబితే అన్నయ్యకు పావలా, మీకు పావలా, చెల్లికి పావలా, తమ్ముడి ఇంటికి పావలా. తమ్ముడి పావలాలో మాత్రం తల్లీకొడుకుల భాగాలు సమానం కావు. తాతగారి నుంచి వచ్చిన 20 పైసల్లో తల్లికి పది, కొడుకుకు పది. నానమ్మ నుంచి వచ్చిన 5 పైసలు మనవడికే, కోడలికి రాదు. అంటే మీ మరదలికి 10 పైసలు, పిల్లవాడికి 15. ఈ చిన్న లెక్క ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మీరు అడిగిన అసలు ప్రశ్నకు వద్దాం. సహ యజమానుల్లో ఒకరు ఒప్పుకోకపోతే ఇల్లు మొత్తం ఎప్పటికీ అలాగే ఉండిపోదు. పంపకం అడగడం ప్రతి వాటాదారు హక్కు, దాన్ని ఇంకొకరు ఆపలేరు. అయితే కోర్టులో పంపకం అంటే మొదటి అర్థం అమ్మకం కాదు, కొలిచి విడగొట్టడం. అలా విడగొట్టడం కుదరదని తేలితేనే అమ్మకం మాట వస్తుంది. అమ్మకం కూడా కోర్టు తనంతట తాను చేయదు. ఎవరు అడగాలి, ఎంత వాటా ఉన్నవాళ్ళు అడగాలి, అడిగితే ఎదుటివాళ్ళకు ఏ హక్కు పుడుతుంది అన్నవి 1893 నాటి పార్టిషన్ చట్టంలో ఉన్నాయి. నూట ముప్పై ఏళ్లు దాటినా ఇప్పటికీ అదే అమల్లో ఉంది. మీ కేసు మొత్తం అందులోని రెండో సెక్షను, మూడో సెక్షను మీదే నడుస్తుంది.

ముందు కొలిచి పంచడం సంగతి చూద్దాం. మీరు రాసిన 240 గజాలకు మీ పక్క సాధారణంగా ఉండే కొలత ముఖం 36 అడుగులు, లోతు 60 అడుగులు. మీది కొంచెం తేడాగా ఉండొచ్చు, కానీ లెక్కకు ఇది చాలు. నాలుగు సమాన భాగాలు చేస్తే ఒక్కొక్కరికి తొమ్మిదడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడుగు ఉన్న సందు వస్తుంది. రెండు వైపులా గోడలు కట్టుకుంటే లోపల మంచం అడ్డంగా వేయడానికి కూడా ఇబ్బందే. పైగా ఇల్లు కట్టి ఉంది, మెట్లు ఒకటే, బోరు ఒకటే, సెప్టిక్ ట్యాంకు ఒకటే.

కొన్నేళ్ల క్రితం కోర్టు నన్ను అడ్వకేట్ కమిషనరుగా ఇలాంటి ఇంటికే పంపింది. ముగ్గురు వారసులు, పాత డాబా ఇల్లు. సర్వేయరు టేపు పట్టుకుని, నేను సుద్దముక్కతో గచ్చు మీద గీత గీసుకుంటూ వెళ్ళాం. వీధి గుమ్మం నుంచి బయలుదేరిన గీత హాలు దాటి వంటింట్లోకి వెళ్ళి, గట్టు మీద ఉన్న గ్యాస్ పొయ్యి రెండు బర్నర్ల మధ్యలోంచి పోయింది. పొయ్యి దగ్గర నిలబడి ఉన్న ఆ ఇంటి కోడలు పక్కకు తప్పుకుంది, ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఆ గీతనే ప్లానులో చూపించి, పంచడం వీలుకాదని రిపోర్టు రాశాను. మీ ఇంటికి వెళ్ళే కమిషనరు కూడా ఇంచుమించు అలాగే రాయాల్సి వస్తుంది. మీకు అమ్మకం దిక్కుగా దారి తెరిచేది ఆ రిపోర్టే. అందుకే కమిషనరు వచ్చే రోజు మీరు గానీ మీ లాయరు గానీ తప్పకుండా అక్కడ ఉండండి. మెట్లు, నీటి పైపు, కరెంటు మీటరు, మరుగుదొడ్డి ఎక్కడున్నాయో, ఎవరి వాటాలో ఏది పడుతుందో నోట్ చేయించండి. "పంచడం కష్టం" అని ఒక్క ముక్క రాస్తే చాలదు, ఎందుకు కష్టమో ప్లాను మీద కనిపించాలి. కొలిచి పంచవచ్చని మీ అన్నయ్య వాదిస్తే, ఆ తొమ్మిదడుగుల ముక్కలో ఏది తీసుకుంటారో ఆయన్నే చూపించమనండి.

అమ్మకం అడగడానికి రెండో సెక్షను పెట్టిన షరతు ఒకటుంది, దీన్ని జాగ్రత్తగా చదవండి. అడిగేవాళ్ళందరి వాటాలు కలిపి కనీసం సగం ఉండాలి. మీ ఒక్కరిదీ పావలా, చాలదు. మీరూ చెల్లీ కలిస్తే సరిగ్గా అర్ధరూపాయి, సరిపోతుంది. కానీ రేపు చెల్లి మనసు మారినా, అన్నయ్య ఆమెతో విడిగా మాట్లాడుకున్నా మీ అర్జీ అక్కడే ఆగిపోతుంది. మీ మరదలి 10 పైసలు కలిస్తే 60 అవుతుంది, అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. అయితే గుర్తుపెట్టుకోండి, 60 ఉన్నప్పుడు చెల్లి తప్పుకుంటే మిగిలేది 35 మాత్రమే. మరదలి బలం మీ ఇద్దరి వెనక తోడు తప్ప చెల్లికి బదులు కాదు. పిల్లవాడి 15 పైసలు ఇందులో కలుపుకోకండి. మైనరు తరఫున అమ్మకం అడిగితే అది అతనికి మేలని నమ్మకం కుదిరితేనే కోర్టు ఒప్పుకుంటుంది, ఆ నమ్మకం కుదర్చడానికి సమయం పడుతుంది. అందుకే దావా వేసేముందు మీరు, చెల్లి, మరదలు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి. ఫోన్లో అనుకున్నది చాలదు. మీ ముగ్గురూ వాదులుగా ఒకే దావాలో ఉంటారా, ఖర్చులు ఎవరు ఎంత పెట్టుకుంటారు, ఏ ధరకు తక్కువైతే ఒప్పుకోరు అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు మూడో సెక్షను. చాలామంది ఇది తెలియకుండానే అమ్మకం అడుగుతారు, తర్వాత లాయరు మీద కోపం తెచ్చుకుంటారు. మీరు అమ్మకం అడిగిన మరుక్షణం మీ అన్నయ్యకు ఒక హక్కు పుడుతుంది. "అమ్మొద్దు, అమ్మమన్నవాళ్ళ వాటాలు విలువ కట్టి నాకే ఇప్పించండి" అని ఆయన అర్జీ పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే కోర్టు విలువ కట్టించి ఆ ధరకు ఆయనకే అవకాశం ఇవ్వాలి. అప్పుడు మీరు మనసు మార్చుకుని దావా వెనక్కి తీసుకుంటామన్నా కుదరదు. ఆయన అర్జీ పెట్టాక దావా ఉపసంహరించుకుని ఆ హక్కును పోగొట్టలేరని 1972లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఒకరు కాక ఇద్దరు కొంటామంటే ఎవరు ఎక్కువ ఇస్తామంటే వాళ్ళకు. ఆయన ముందుకొచ్చి, తీరా విలువ కట్టాక ఆ ధర నాకొద్దంటే ఆ అర్జీ ఖర్చులు ఆయన మీద పడతాయి, అమ్మకం మళ్ళీ దారిలోకి వస్తుంది.

దీన్నిబట్టి మీరు మీలో మీరు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీకు కావలసింది డబ్బా, ఆ ఇల్లా? మీ ఉత్తరం చదివితే డబ్బు అనే అనిపిస్తోంది. అది తప్పేమీ కాదు, తండ్రి ఆస్తిలో వాటా డబ్బు రూపంలో కోరుకోవడం మీ హక్కు. అలాగైతే మూడో సెక్షను మీకు శత్రువు కాదు. అన్నయ్య ఉండే ఇల్లు ఆయనకే మిగులుతుంది, మీ డబ్బు మీకొస్తుంది. నిజానికి ఈ తరహా గొడవల్లో నేను చూసిన మంచి ముగింపులు ఎక్కువగా ఇలాంటివే. కానీ చెల్లికి ఆ ఇంట్లో పై పోర్షనైనా తన పేరున ఉండాలన్న ఆశ ఏమూలైనా ఉంటే, అమ్మకం అర్జీలో ఆమె సంతకం చేయకూడదు. చేశాక ఆ ఆశకు చోటు లేదు.

అసలు పోరు ఎక్కడంటే, విలువ కట్టే దగ్గర. బిల్డరు అన్న కోటీ ఎనభై లక్షల లెక్కన మీ పావలా 45 లక్షలు. అదే ఇంటికి సబ్ రిజిస్ట్రారు దగ్గరుండే గవర్నమెంటు వాల్యూ కోటీ ఇరవై అనుకోండి, ఆ లెక్కన మీ పావలా 30 లక్షలే. ఒక్కొక్కరికి 15 లక్షల తేడా. మీ అన్నయ్య తరఫు లాయరు సహజంగా ఆ రెండో అంకెనే ముందు పెడతాడు. మీరు పక్కింటి దస్తావేజుల నకళ్ళు తెచ్చి చూపిద్దామనుకుంటారు. తెచ్చుకోండి, కానీ వాటిలో రాసిన ధర చాలాసార్లు గవర్నమెంటు వాల్యూ దగ్గరే ఆగుతుంది, కాబట్టి అవే మీకు ఎదురు తిరగొచ్చు. బిల్డరు ఆఫరు నోటిమాటగా ఉంటే ఏ విలువా లేదు. ఈ రోజే అతని దగ్గర లెటరు హెడ్ మీద, తేదీ వేసి, ధర రాసి, సంతకం చేయించి తీసుకోండి. అవసరమైతే వచ్చి సాక్ష్యం చెబుతాడో లేదో కూడా ఇప్పుడే అడగండి. బ్యాంకులు ఇంటి లోన్లకు వాడే రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత ఒక రిపోర్టు రాయించండి. అందులో స్థలం విలువ, కట్టడం విలువ విడివిడిగా ఉండాలి. పాత కట్టడానికి విలువ తక్కువే, మీ ధర అంతా స్థలానిదే. కోర్టు నియమించే కమిషనరు విలువ తక్కువ రాస్తే అభ్యంతరం వేసి, ఆయన్ని బోనులో నిలబెట్టి ప్రశ్నించే అవకాశం మీకు ఉంటుంది. ఆ అవకాశాన్ని వదులుకోకండి.

ఇంకో చిక్కు, ఏ తేదీ నాటి విలువ అన్నది. అన్నయ్య కొంటానని కోర్టును అడిగిన నాటి విలువే లెక్క అని సుప్రీంకోర్టు తేల్చింది. మన ఊళ్ళో రేట్లు పెరిగే తీరు మీకు తెలుసు. ఆయన అర్జీ పెట్టి, ఆ తర్వాత మూడేళ్లు వాయిదాలు పడుతూ పోతే ధర మాత్రం పాతదే ఉండిపోతుంది. అందుకే ఆయన అర్జీ పెట్టిన వెంటనే విలువ కట్టించమని, డబ్బు కట్టడానికి గడువు పెట్టమని, ఆలస్యానికి వడ్డీ వేయమని మీ లాయరు చేత అడిగించండి. అడిగితే ఇస్తారని కాదు, అడగకపోతే మాత్రం ఎవరూ గుర్తు చేయరు.

అన్నయ్య కొననంటే ఇల్లు వేలానికి వెళుతుంది. వేలంలో వాటాదారులు కూడా పాట పాడవచ్చు, పాట దక్కితే తమ వాటా మేరకు డబ్బు కట్టకుండా సర్దుబాటు చేసుకోవడానికి కోర్టు అనుమతి ఇవ్వవచ్చు. కోర్టు కనీస ధర కూడా నిర్ణయించగలదు, అది తప్పక అడగండి. కానీ నిజం చెప్పాలి. మనిషి లోపల కూర్చుని దిగనంటున్న ఇంటికి వేలంలో బిల్డరు ఇచ్చే ధర రాదు. వేలం మీకు చివరి దారిగా ఉండాలి తప్ప మొదటి కోరికగా కాదు.

దావా నడిచే తీరు క్లుప్తంగా. వారసులందరినీ, పిల్లవాడితో సహా, పార్టీలుగా చేర్చాలి. ఒక్కరిని వదిలినా దావాకే ఎసరు. నాన్నగారి పేర ఇంకే ఆస్తి ఉన్నా, ఊళ్ళో పొలం ముక్క ఉన్నా, అదీ కలపాలి. ఒక్క ఇల్లే పంచమంటే పాక్షిక పంపకం అని అభ్యంతరం వస్తుంది. కోర్టు ఫీజు గురించి చాలామంది భయపడతారు. మీరు ఇంటి నుంచి వెళ్ళగొట్టబడ్డవారు కాకుండా, ఉమ్మడి స్వాధీనంలో ఉన్నవారైతే ఆంధ్రప్రదేశ్ కోర్టు ఫీజుల చట్టం ప్రకారం నామమాత్రపు స్థిర ఫీజు చాలు. ఒక వాటాదారు ఇంట్లో ఉన్నా అది అందరి తరఫునా ఉన్నట్టే చట్టం చూస్తుంది. కాబట్టి కోపంలో "అన్నయ్య మమ్మల్ని గెంటేశాడు" అని నోటీసులోనూ దావాలోనూ రాయించకండి. అలా రాస్తే మీ వాటా మార్కెట్ విలువ మీద ఫీజు పడుతుంది, పైగా మిమ్మల్ని కాదని ఆయన ఎప్పటి నుంచి ఒక్కడే అనుభవిస్తున్నాడన్న వాదనకు మీరే తేదీ అందించినట్టవుతుంది. జరిగింది జరిగినట్టే రాయించండి. పండక్కి వెళతారు, మీ సామాను ఏదైనా అక్కడే ఉంది, అమ్మ తద్దినం అక్కడే పెట్టారు అంటే ఆ సంగతులే రాయండి.

మొదట వచ్చేది ప్రిలిమినరీ డిక్రీ. ఎవరికెంత వాటా అన్నది అందులో తేలుతుంది. మీ కేసులో వీలునామా గొడవ రాకపోతే ఇది పెద్ద కష్టం కాదు. ఇక్కడే చాలా కుటుంబాలు కేసు గెలిచేశామనుకుని ఇంటికి వెళ్ళిపోతాయి. ఇల్లు మాత్రం అలాగే ఉంటుంది. కమిషనరు, విలువ, అమ్మకం అన్నీ జరిగేది ఆ తర్వాత ఫైనల్ డిక్రీ దశలో. ప్రిలిమినరీ డిక్రీ అయ్యాక కేసు మూసేయకుండా కోర్టులే ఫైనల్ డిక్రీ వైపు నడిపించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మీ లాయరు చేత వెంటనే అర్జీ వేయించండి. అమ్మకం అర్జీ కూడా అప్పుడు వేయవచ్చు, మొదట్లోనే తొందరపడక్కర్లేదు. ఆ మధ్య కాలంలో అన్నయ్య ఆలోచన మారడానికి సమయం దొరుకుతుంది.

అద్దె సంగతి. పై పోర్షను అద్దెలో మీ అందరికీ వాటా ఉంది, దావాలోనే లెక్క అడగవచ్చు. వెనక్కి మాత్రం మూడేళ్లకు మించి అడగలేరు. అమ్మ పోయినప్పటి నుంచీ అడుగుదామనుకుంటే కొంత కాలం అప్పుడే జారిపోయింది. నెలనెలా ఇంకొంచెం జారుతుంది. అన్నయ్య కింద ఉంటున్నందుకు అద్దె అడగడం మాత్రం అంత తేలిక కాదు. మిమ్మల్ని రానివ్వకపోతే తప్ప, సహ యజమాని తన ఇంట్లో తాను ఉన్నందుకు మిగతావాళ్ళకు అద్దె కట్టాలని కోర్టులు సాధారణంగా అనవు. ఆయన స్లాబుకు రిపేరు చేయించాననీ, పన్ను కట్టాననీ రసీదులు చూపిస్తే అవి లెక్కలో తీసేయాల్సి వస్తుంది. అది న్యాయమే, దానికి బాధపడకండి.

బ్రోకరు విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను, అతనికి సంతకం పెట్టకండి. విడగొట్టని మీ వాటాను అమ్ముకునే హక్కు మీకుంది, అందుకే అతను తిరుగుతున్నాడు. కానీ బయటివాడు కుటుంబం ఉండే ఇంట్లో వాటా కొన్నా అందరితో కలిసి లోపల కాపురం పెట్టే హక్కు అతనికి రాదు. అతను పంపకం దావా వేస్తే, అతని వాటాను విలువకు కొనుక్కునే హక్కు మీ అన్నయ్యకు పార్టిషన్ చట్టం నాలుగో సెక్షను ఇస్తుంది. అసలు మీరు వారసత్వంగా వచ్చిన వాటా బయటికి అమ్మేముందే మీ తోటి వారసులకు ముందస్తు కొనుగోలు హక్కు ఉందని హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షను చెబుతుంది. ఇన్ని చిక్కులున్న సరుకును ఎవరూ పూర్తి ధరకు కొనరు. 45 లక్షల వాటాకు అతను ఎంత ఇస్తానంటున్నాడో ఒకసారి అడిగి చూడండి, మీకే అర్థమవుతుంది.

పిల్లవాడి గురించి ఒక మాట. మైనరు వాటాను తల్లి సంతకంతో అమ్మేయడం కుదరదు, కోర్టు అనుమతి కావాలి. రాజీ చేసుకున్నా అతని మేలు చూసి కోర్టు ఒప్పుకోవాలి. అన్నీ సవ్యంగా జరిగినా దావా ఫైనల్ డిక్రీ దాకా వచ్చేసరికి అతనికి పద్దెనిమిది నిండవచ్చు. నిండాక అతన్ని మేజరుగా రికార్డులో మార్పించండి, అప్పుడు అతనే సంతకం పెడతాడు. అతని డబ్బు తల్లి ఖాతాలో కాకుండా అతని పేర బ్యాంకులో డిపాజిట్ చేసేలా మీరే ముందుగా చెప్పండి. మీ మరదలికి మీ మీద నమ్మకం కుదరడానికి అంతకంటే మంచి మాట ఉండదు.

ఇప్పుడు వెంటనే ఏం చేయాలి? దావాకు ముందు అన్నయ్యకు ఒక లాయరు నోటీసు, స్పీడ్ పోస్టులో. బెదిరింపుగా కాదు. అందులో నాలుగు వాటాలు స్పష్టంగా రాసి, బిల్డరు ఆఫరు కాపీ జతచేసి, "ఈ ధరకు మా వాటాలు కొనే మొదటి అవకాశం నీదే, రెండు నెలల్లో చెప్పు" అని రాయించండి. ఆయన కొంటానంటే నలభై అయిదు చొప్పున మీకూ చెల్లికీ కలిపి 90 లక్షలు, తమ్ముడి ఇంటిది కూడా అయితే కోటీ ముప్పై అయిదు. అంత డబ్బు ఒకేసారి ఎవరి దగ్గరా ఉండదు. మొండితనం అనుకుంటున్న దాని వెనక చాలాసార్లు ఉండేది ఈ భయమే. దిగిపోమంటారు, ఈ వయసులో ఎక్కడికి వెళ్ళను అని. పై పోర్షను మీద లోను పెట్టుకోవడానికి గడువు కావాలంటే మీరు ఇవ్వగలరా? చెల్లి వాటా ముందు, మీది ఆర్నెల్ల తర్వాత అంటే ఒప్పుకోగలరా? ఇవి ఉత్తరంలో రాసేవి కావు, ఎదురుగా కూర్చుని తేల్చుకునేవి.

అందుకు జిల్లా కోర్టులో ఉన్న న్యాయ సేవాధికార సంస్థలో దావా వేయకముందే అర్జీ పెట్టుకోవచ్చు, ఫీజు ఉండదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కాకపోతే కాగితం గట్టిగా ఉండాలి. "అన్నయ్య త్వరలో డబ్బు ఇస్తాడు" అని రాసుకున్న రాజీలు మళ్ళీ కోర్టుకే వస్తాయి. ఏ తేదీకి ఎంత, ఎవరి ఖాతాలోకి, గడువు దాటితే ఎంత వడ్డీ, అప్పటికీ ఇవ్వకపోతే ఏ తేదీన అందరూ కలిసి బయటికి అమ్ముతారు, ఎవరైనా సంతకానికి రాకపోతే కోర్టే వాళ్ళ తరఫున దస్తావేజు రాసిస్తుంది, అన్నయ్య ఇల్లు ఖాళీ చేయాల్సిన రోజు ఏది అన్నవన్నీ రాయించండి. అందరి సంతకాలూ పడ్డాకే అక్కడి నుంచి లేవండి.

రెండు నెలల్లో ఆయన జవాబివ్వకపోతే, లేదా నోటీసు తీసుకోకుండా తిప్పి పంపితే, ఆ కవరు విప్పకుండా అలాగే దాచి మీ లాయరుకు ఇవ్వండి. దావా కాగితాల్లో మొదటి జత అదే అవుతుంది.